పిక్క పట్టేస్తే మాత్ర.. ఫిట్స్ రాకుండా ఇంజెక్షన్: రెండూ మెగ్నీషియమే, మరి తేడా ఎక్కడ?

ఏడో నెల దాటాక చాలామంది గర్భిణులకి ఈ అనుభవం ఉంటుంది. మంచి నిద్రలో ఉండగా పిక్క ఒక్కసారిగా రాయిలా బిగుసుకుపోతుంది. ‘అమ్మో’ అంటూ లేచి కూర్చుంటే, పక్కనున్న వాళ్లు కంగారుగా కాలు పిసుకుతారు. మర్నాడు డాక్టర్ దగ్గరికెళ్తే ఒక మెగ్నీషియం మాత్ర రాస్తారు. లేదంటే ఫోన్‌లో ఏదో రీల్ చూసి మనమే తెప్పించుకుంటాం. రోజుకి ఒకటి, రాత్రి పడుకునే ముందు. ఇంతవరకూ బాగానే ఉంది.

ఇదే మెగ్నీషియం పేరు లేబర్ రూమ్‌లో కూడా వినిపిస్తుంది. అక్కడ దాన్ని ‘మ్యాగ్‌సల్ఫ్’ అంటారు. బీపీ బాగా పెరిగిన గర్భిణి వచ్చిందంటే డాక్టర్ నోట వచ్చే మొదటి మాటల్లో ‘మ్యాగ్‌సల్ఫ్ పెట్టండి’ అనేది తప్పకుండా ఉంటుంది. సరిగ్గా అక్కడే ఇంట్లోవాళ్లకి రెండు రకాల అనుమానాలొస్తాయి. ‘మా అమ్మాయి రోజూ మెగ్నీషియం వేసుకుంటూనే ఉంది కదా, మళ్లీ ఇదెందుకు?’ అన్నది ఒకటి. ‘మాత్ర వేసుకుంటోంది కాబట్టి ఫిట్స్ భయం లేదులే’ అన్నది రెండోది. మొదటి అనుమానం వల్ల నష్టం లేదు, నర్స్ ఒక నిమిషం చెప్తే తీరిపోతుంది. రెండోదే ప్రమాదం. ఎందుకంటే ఆ ధీమాతో తలనొప్పిని, కళ్లముందు మెరుపుల్ని పట్టించుకోకుండా ఇంట్లోనే ఉండిపోయే అవకాశం ఉంది.

మన భేది ఉప్పే!

మెగ్నీషియం సల్ఫేట్ అంటే ఏదో కొత్త మందు అనుకునేరు. మన అమ్మమ్మలకి బాగా తెలిసిన భేది ఉప్పు ఇదే. ఇంగ్లండ్‌లో ఎప్సమ్ అనే ఊరి నీటి బుగ్గల వల్ల దానికి ఎప్సమ్ సాల్ట్ అన్న పేరొచ్చింది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో కాళ్లు నానబెట్టుకోవడానికి ప్యాకెట్లలో అమ్ముతున్నదీ అదే. అంటే ఒకే ఉప్పుకి మూడు దారులు. వేడినీళ్లలో కలిపి కాళ్లు పెడితే వెచ్చదనం వల్ల హాయిగా ఉంటుంది, అంతకుమించి ఒంట్లోకి వెళ్లేది ఏమంత ఉండదు. నీళ్లలో కలిపి తాగితే పేగుల్లోకి నీటిని లాగి విరేచనం చేయిస్తుంది. అదే ఉప్పుని శుద్ధిచేసి, సూదిమందుగా నరంలోకి ఎక్కిస్తే మెదడులో ఫిట్స్‌ని ఆపుతుంది. (షాపులో దొరికే ప్యాకెట్‌కీ ఆస్పత్రి ఆంప్యూల్‌కీ శుద్ధిలో నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. గర్భిణులు భేది ఉప్పు తాగే ప్రయోగం అసలు చేయొద్దు.)

దారి మారితే పని ఇంతగా ఎందుకు మారిపోతోంది? దానికి ముందు, అసలు ఆ ఫిట్స్ సంగతేంటో చూద్దాం.

గుర్రపు వాతం

గర్భిణికి ఉన్నట్టుండి కాళ్లూచేతులూ కొట్టుకుని, పళ్లు బిగుసుకుపోయి, స్పృహ తప్పడాన్ని మన పెద్దవాళ్లు గుర్రపు వాతం అనేవారు. డాక్టర్లు ఎక్లాంప్సియా అంటారు. దానికి ముందు దశే ప్రీఎక్లాంప్సియా. ఇరవయ్యో వారం దాటాక బీపీ 140/90 లేదా అంతకంటే ఎక్కువ ఉండి, దాంతోపాటు మూత్రంలో ప్రొటీన్ పోవడమో, లివర్, కిడ్నీ, మెదడు లాంటి అవయవాల్లో ఇబ్బంది మొదలవడమో జరిగితే దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. 160/110 దాటితే తీవ్రమైనదని లెక్క.

మూలం మాయ దగ్గరుంటుంది. బిడ్డకి రక్తం అందించే మాయలోకి వెళ్లే రక్తనాళాలు మొదటి నెలల్లో వెడల్పు కావాలి. అది సరిగ్గా జరగకపోతే మాయకి రక్తం చాలదు. అప్పుడు అది కొన్ని పదార్థాల్ని తల్లి రక్తంలోకి వదులుతుంది. అవి ఒళ్లంతా రక్తనాళాల లోపలి పొరని దెబ్బతీస్తాయి. నాళాలు బిగుసుకుంటే బీపీ పెరుగుతుంది. కిడ్నీలో పొర దెబ్బతింటే ప్రొటీన్ కారిపోతుంది. మెదడులో దెబ్బతింటే నీరు ఊరి వాపు వస్తుంది. ఆ ఒత్తిడికి మెదడు కణాలు అదుపు తప్పి ఒకేసారి చెలరేగిపోతే.. అదే ఫిట్.

కాబట్టి ఇది మెగ్నీషియం తక్కువై వచ్చే జబ్బు కాదు. ఈ ఒక్క విషయం అర్థమైతే సగం గందరగోళం పోతుంది. ఐరన్ తక్కువైతే ఐరన్ మాత్ర ఇచ్చినట్టు, లోటు పూడ్చడానికి ఇస్తున్నది కాదు మ్యాగ్‌సల్ఫ్. రక్తంలో మెగ్నీషియం సరిపడా ఉన్న మనిషికే, దాన్ని మామూలు కంటే మూడు నాలుగు రెట్లు పెంచి, ఆ ఎత్తులో ఒక రోజుపాటు నిలబెట్టడం ఇక్కడ చికిత్స. పోషకాన్ని మందుగా మార్చడం అన్నమాట.

ఆశ్చర్యపరిచే లెక్క

మామూలుగా మన రక్తరసంలో ప్రతి 100 మిల్లీలీటర్లకి 2 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంటుంది. ఫిట్స్ రాకుండా ఉండాలంటే అది 5 నుంచి 8 మిల్లీగ్రాముల మధ్యకి చేరాలన్నది డాక్టర్లు పెట్టుకున్న గురి.

ఇప్పుడు చూడండి. ఆస్పత్రిలో మొదట నరంలోకి ఇచ్చే మోతాదు 4 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్. వినడానికి చాలా ఎక్కువగా ఉంది కదా? కానీ ఆ ఉప్పులో అధిక భాగం సల్ఫేట్, నీరు. అసలు మెగ్నీషియం పదో వంతే. అంటే 4 గ్రాముల్లో ఉండేది దాదాపు 400 మిల్లీగ్రాములు. మెడికల్ షాపులో దొరికే మాత్రలు ఒకటో రెండో కలిపితే అంతే మెగ్నీషియం ఉంటుంది!

మరి తేడా ఏంటంటే, వేగం, దారి. గర్భిణి రక్తరసం మొత్తం మూడున్నర లీటర్లు అనుకుంటే, అందులో ఏ క్షణానైనా తిరుగుతున్న మెగ్నీషియం సుమారు 70 మిల్లీగ్రాములు మాత్రమే. ఒంట్లో ఉన్న మెగ్నీషియంలో ఒక శాతం కూడా రక్తంలో ఉండదు, మిగతాదంతా ఎముకల్లో, కండరాల్లో, ఇతర కణాల్లో దాక్కుని ఉంటుంది. ఆ 70 మిల్లీగ్రాములున్న చోటికి కొద్ది నిమిషాల్లో 400 మిల్లీగ్రాములు వచ్చిపడితే మట్టం ఒక్కసారిగా పైకి లేస్తుంది. కొంత కణాల్లోకి, ఎముకల్లోకి సర్దుకుంటుంది, కొంత కిడ్నీలు బయటికి పంపేస్తాయి. ఆ పోయేదాన్ని భర్తీ చేస్తూ ఉండాలి కాబట్టే మొదటి డోసు తర్వాత కూడా గంటగంటకో, నాలుగు గంటలకోసారో ఇస్తూనే ఉంటారు.

అదే 400 మిల్లీగ్రాముల్ని మాత్రగా మింగారనుకోండి. పేగు దాన్ని నిదానంగా, కొన్ని గంటలపాటు, మూడో వంతో అంతకంటే తక్కువో పీల్చుకుంటుంది. మాత్రలో వాడిన ఉప్పు రకాన్ని బట్టి ఇది కాస్త అటూఇటూ అవుతుంది. ఆక్సైడ్ అయితే తక్కువ, సిట్రేట్, గ్లైసినేట్ అయితే కొంచెం మెరుగు. ఎంత మెరుగైనా, లోపలికొచ్చిన అదనాన్ని ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలు ఎప్పటికప్పుడు మూత్రంలోకి పంపేస్తాయి. చివరికి రక్తంలో మట్టం 2 దగ్గరే ఉంటుంది. సరే, నాలుగు మాత్రలు మింగితే? పేగు ఒప్పుకోదు. పీల్చుకోకుండా మిగిలిన మెగ్నీషియం నీటిని లాగి విరేచనాలు పట్టుకుంటాయి. భేది ఉప్పు చేసే పనే ఇది. అంటే నోటి ద్వారా ఫిట్స్‌ని ఆపే మట్టానికి చేరడం కుదరని పని. బ్రాండ్ మారినా, ధర మారినా అంతే.

ఇంతకీ రక్తంలో ఆ మట్టానికి చేరాక మెగ్నీషియం ఏం చేస్తుంది? పూర్తి వివరం మీద శాస్త్రవేత్తల మధ్య ఇంకా ఏకాభిప్రాయం లేదు. ఎక్కువమంది చెప్పేది ఇది: మెదడు కణాల మీద ఉత్తేజాన్ని లోపలికి రానిచ్చే గేట్లు కొన్ని ఉంటాయి. మెగ్నీషియం ఆ గేటుకి బిరడాలా అడ్డం పడుతుంది. దాంతో ఒక కణం చెలరేగినా పక్కదానికి అంటుకోదు. దీనికి తోడు బిగుసుకున్న చిన్న రక్తనాళాల్ని కాస్త సడలిస్తుంది, మెదడులోకి నీరు ఊరడాన్ని తగ్గిస్తుంది. ఒకటి గుర్తుంచుకోండి, ఇది బీపీ మందు కాదు. ఎక్కించేటప్పుడు బీపీ కొంచెం దిగినట్టు కనిపించినా అది నిలవదు. బీపీ కోసం లాబెటలాల్, నిఫెడిపిన్ లాంటివి విడిగా ఇస్తారు. రెండూ నడవాలి. అసలు జబ్బు పోవాలంటే కాన్పు కావాల్సిందే. అప్పటిదాకా తల్లి మెదడుకి కాపలా కాయడమే మ్యాగ్‌సల్ఫ్ ఉద్యోగం.

నమ్మడానికి తొంభై ఏళ్లు

దీన్ని ఫిట్స్‌కి వాడటం 1900ల మొదట్లోనే మొదలైంది. 1955లో అమెరికాలో డాలస్ నగరంలోని పార్క్‌లాండ్ ఆస్పత్రి డాక్టర్ జాక్ ప్రిచర్డ్ ఒక పద్ధతిని ప్రచురించారు. మన ఆస్పత్రుల్లో ఈరోజుకీ నర్సులు ‘ప్రిచర్డ్ రెజిమెన్’ అనేది దాన్నే. అయినా చాలా దేశాల్లో డాక్టర్లు దీన్ని నమ్మలేదు. మూర్ఛ జబ్బుకి మంచి మందులున్నాయి కదా, ఈ భేది ఉప్పేంటి అన్నది వాళ్ల వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది!

1995లో ఆ వాదన తేలిపోయింది. మనదేశంతో సహా పలు వర్ధమాన దేశాల్లో, అప్పటికే ఫిట్ వచ్చిన 1,687 మంది గర్భిణుల మీద పోటీ పెట్టి చూశారు. మళ్లీ ఫిట్ రావడం డయాజిపామ్ ఇచ్చినవాళ్లతో పోలిస్తే మ్యాగ్‌సల్ఫ్ ఇచ్చినవాళ్లలో సగానికి తగ్గింది. ఫినిటోయిన్‌తో పోలిస్తే మూడింట రెండొంతులు తగ్గింది. మూర్ఛకి పేరుమోసిన మందులు రెండూ ఓడిపోయాయి.

అది వచ్చిన ఫిట్ మళ్లీ రాకుండా ఆపడం గురించి. అసలు మొదటిది రాకుండా ఆపగలదా? దానికి జవాబు 2002లో ‘మ్యాగ్‌పై’ అధ్యయనం ఇచ్చింది. 33 దేశాలు, పది వేల పైచిలుకు ప్రీఎక్లాంప్సియా ఉన్న స్త్రీలు. సగం మందికి మ్యాగ్‌సల్ఫ్, సగం మందికి ఉత్తుత్తి మందు. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో 96 మందికి ఫిట్స్ వచ్చాయి, మ్యాగ్‌సల్ఫ్ తీసుకున్నవాళ్లలో 40 మందికి. సగానికి పైగా తగ్గాయి.

ఈ అంకెల్లో ఇంకో నిజం కూడా ఉంది. మందు లేకపోయినా నూటికి 98 మందికి ఫిట్ రాలేదు. మందు ఇచ్చినా కొందరికి వచ్చింది. అంటే మ్యాగ్‌సల్ఫ్ తిరుగులేని అస్త్రమేమీ కాదు. ఎవరికి ఫిట్ వస్తుందో ముందే చెప్పలేం కాబట్టి, ప్రమాదం ఎక్కువున్న వాళ్లందరికీ ఇస్తారు. పైగా నాలుగో వంతు మందికి ఒళ్లు వేడెక్కడం, వికారం లాంటి ఇబ్బందులు వచ్చాయి.

ఒక రాత్రి, పద్నాలుగు ఆంప్యూల్స్

ఇది ఆస్పత్రిలో ఎలా నడుస్తుందో ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఇరవై మూడేళ్ల అమ్మాయి. తొలి కాన్పు కాబట్టి పుట్టింటికి వచ్చింది. ముప్పై ఆరో వారం. పిక్కలు పట్టేస్తున్నాయని నెలరోజులుగా రాత్రిళ్లు మెగ్నీషియం మాత్ర వేసుకుంటోంది. రెండు రోజులుగా తలనొప్పి. సాయంత్రం నుంచి పొట్ట పైభాగంలో, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి. గ్యాస్ అనుకుని సోడా తాగింది. కళ్లముందు మెరుపుల్లా కనిపిస్తున్నాయనేసరికి వాళ్లమ్మకి భయమేసి దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్లింది. రాత్రి పది గంటలకి బీపీ 166/112. మూత్రంలో ప్రొటీన్ మూడు ప్లస్‌లు.

మన దగ్గర దొరికే ఆంప్యూల్ ఒక్కోటి 2 మిల్లీలీటర్లు, అందులో 1 గ్రాము మందు. నర్స్ నాలుగు ఆంప్యూల్స్ తీసి, వాటి 8 మిల్లీలీటర్లకి 12 మిల్లీలీటర్ల శుద్ధజలం కలిపి, 20 మిల్లీలీటర్లు చేస్తుంది. దాన్ని నరంలోకి నిదానంగా, కనీసం అయిదు నిమిషాలపాటు ఎక్కిస్తుంది. ఈ నిదానం చాలా ముఖ్యం. కలపకుండా చిక్కగా, గబగబా ఎక్కిస్తే గుండె, ఊపిరి ఆగిపోవచ్చు. ఆ అయిదు నిమిషాల్లో అమ్మాయికి ఒళ్లంతా మండినట్టు, ముఖం ఎర్రబడినట్టు అనిపిస్తుంది. ‘కాసేపు వేడిగా ఉంటుందమ్మా, భయపడకు’ అని ముందే చెప్పే నర్స్ దొరికితే అదృష్టమే. తర్వాత రెండు పిరుదుల్లోనూ లోతుగా అయిదేసి గ్రాములు, నొప్పి తెలియకుండా కొంచెం లిగ్నోకైన్ కలిపి. మొత్తం 14 ఆంప్యూల్స్. కండలోకి ఇచ్చింది మెల్లగా రక్తంలోకి దిగుతూ మట్టాన్ని నిలబెడుతుంది. నరంలోకి ఎక్కించే వీలు లేని చిన్న ఆస్పత్రిలో ఆ కండలోకి ఇచ్చే పది గ్రాములన్నా ఇచ్చి, అప్పుడే 108 ఎక్కించి పెద్దాస్పత్రికి పంపాలన్నది నియమం. దారిలో ఫిట్ రాకూడదు కదా.

‘సిస్టర్, అమ్మాయి మెగ్నీషియం మాత్రలు వేసుకుంటోంది, ఎక్కువైపోదా?’ అని వాళ్లమ్మ అడిగిందనుకోండి. ఆ మాత్రల వల్ల రక్తంలో మట్టం మామూలుగానే ఉంటుంది కాబట్టి మొదటి డోసుకి అడ్డు కాదు. ఇక ఆ మాత్ర మాత్రం ఆపేస్తారు. కానీ ఆ విషయం చెప్పి మంచి పని చేసింది. వేసుకుంటున్న ప్రతి మాత్ర గురించీ డాక్టర్‌కి చెప్పాలి. కండరాల బలహీనత జబ్బు మయస్థీనియా ఉంటే మరీ ముందుగా చెప్పాలి, వాళ్లకి ఈ మందు పనికిరాదు.

అసలు కథ ఇక్కడి నుంచే. రాత్రి రెండింటికి తర్వాతి డోసు, ఒక పిరుదులో 5 గ్రాములు. ఇచ్చేముందు నర్స్ మూడు చూడాలి. మోకాలి చిప్ప కింద చిన్న సుత్తితో కొడితే కాలు ఎగురుతోందా? నిమిషానికి ఊపిరి 16 సార్లకి తగ్గకుండా ఉందా? గడిచిన నాలుగు గంటల్లో మూత్రం గంటకి 30 మిల్లీలీటర్ల చొప్పున వచ్చిందా? మన అమ్మాయికి కాలు ఎగిరింది, ఊపిరి 18, సంచిలో 160 మిల్లీలీటర్లు. డోసు ఇచ్చారు.

పొద్దున ఆరింటికి చూస్తే సంచిలో 80 మిల్లీలీటర్లే ఉన్నాయి. 120 ఉండాలి. కాలు ఎగురుతోంది గానీ మునుపటంత కాదు. ఇప్పుడేం చేయాలి? డోసు ఆపాలి. ఎందుకంటే మెగ్నీషియం ఒంట్లోంచి బయటికి పోయే దారి ఒక్క మూత్రమే. ప్రీఎక్లాంప్సియా కిడ్నీని దెబ్బతీసే జబ్బు. బయటికి పోకుండా పై నుంచి పోస్తూ ఉంటే మట్టం 8 దాటి పైపైకి పోతుంది. సుమారు 10 దగ్గర మోకాలి కదలిక పోతుంది. ఇంకా పెరిగి 12 దాటాక ఊపిరి కండరాలు నీరసించడం మొదలవుతుంది. ఆ పైన గుండె. నరం నుంచి కండరానికి అందే సంకేతాన్ని కూడా మెగ్నీషియం అణిచేస్తుంది కాబట్టి ఇలా జరుగుతుంది.

ఈ మెట్ల వరస మనకి చేసిన మేలు ఏంటంటే, ఊపిరి కంటే ముందు మోకాలు చెప్పేస్తుంది. అందుకే ల్యాబ్ లేని ఊరి ఆస్పత్రిలో కూడా, ఒక సుత్తి, ఒక గడియారం, ఒక మూత్రం సంచీ ఉంటే ఈ మందుని సురక్షితంగా ఇవ్వొచ్చు. ప్రమాదం ముదిరితే విరుగుడు కూడా ఉంది. కాల్షియం గ్లూకోనేట్, 10 శాతం ద్రావణం 10 మిల్లీలీటర్లు, నరంలోకి నిదానంగా. అది మంచం పక్కనే సిద్ధంగా ఉండాలి, తాళం వేసిన బీరువాలో కాదు. ప్రిచర్డ్ పద్ధతిలో పార్క్‌లాండ్‌లో చికిత్స చేసిన 245 ఎక్లాంప్సియా కేసుల్లో ఒకే ఒక్క తల్లి చనిపోయింది. ఆ మరణానికి కారణం జబ్బు కాదు, పొరపాటున ఎక్కువైన మెగ్నీషియం.

మన అమ్మాయికి డోసు ఆపి గమనించారు. ఎనిమిదింటికి మూత్రం మళ్లీ మామూలుగా రావడం మొదలైంది, మోకాలు బాగా ఎగిరింది. అప్పుడు డోసు ఇచ్చారు. పదకొండింటికి బిడ్డ పుట్టింది. బిడ్డ కాస్త మెత్తగా, నీరసంగా ఉంటుందేమోనని పిల్లల డాక్టర్ దగ్గరుండి చూశారు. మాయ దాటి బిడ్డకి కూడా మెగ్నీషియం చేరుతుంది కాబట్టి ఆ జాగ్రత్త. కాన్పు అయిపోయిందని మ్యాగ్‌సల్ఫ్ ఆపేయరు. మర్నాడు పదకొండు దాకా, అంటే మరో 24 గంటలు, అవే మూడు పరీక్షలు, అదే సూది. పిరుదులు నొప్పి పుట్టి ‘ఇక చాలు’ అనిపించే సమయం అది. కానీ ఫిట్స్ ప్రమాదం ఎక్కువగా ఉండే గంటల్లో అవి కూడా ఉన్నాయి.

మరి ఆ మాత్ర సంగతి?

పిక్కలు పట్టేయడానికి వేసుకునే మాత్ర దండగేనా అంటే, అలాగని తేల్చి చెప్పలేం. గర్భిణుల మీద చేసిన అధ్యయనాల్లో కొన్నింటిలో ఉపశమనం కనిపించింది, కొన్నింటిలో ఉత్తుత్తి మాత్రకీ దీనికీ తేడా కనిపించలేదు. డాక్టర్ రాస్తే కొన్నాళ్లు వాడి చూడటంలో తప్పులేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం సొంతంగా వేసుకోకూడదు. పిక్క పట్టేసిన ఆ క్షణంలో మాత్రకంటే మంచి ఉపాయం ఉంది. మోకాలు చాపి, పాదం వేళ్లని మీ ముఖంవైపు లాగి పట్టుకోండి. కండ సాగి పట్టు వదులుతుంది. ఒక కాలు మాత్రమే వాచి, ఎర్రబడి, నొప్పి తగ్గకుండా ఉంటే అది పట్టేయడం కాకపోవచ్చు, రక్తం గడ్డ కట్టిందేమో చూపించుకోవాలి.

ఇక ఆ మాత్ర ప్రీఎక్లాంప్సియా రాకుండా ఆపుతుందా? గర్భిణులకి మెగ్నీషియం మాత్రలిచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే అలాంటి లాభం ఏదీ కనిపించలేదు. ముందునుంచీ ముప్పు తగ్గించేవి వేరే ఉన్నాయి. ఇంతకుముందు కాన్పులో బీపీ వచ్చినవాళ్లు, కవలలు మోస్తున్నవాళ్లు, షుగర్, కిడ్నీ జబ్బులున్నవాళ్లు లాంటి వాళ్లకి మూడో నెల దాటాక తక్కువ మోతాదు ఆస్పిరిన్ రాస్తారు. తిండిలో కాల్షియం తక్కువగా ఉండే మనలాంటి చోట కాల్షియం మాత్రలు కూడా ఆ పని కొంత చేస్తాయి. ఆశా కార్యకర్త ఇచ్చిన కాల్షియం మాత్రల్ని అల్మరాలో పడేసి, ఆన్‌లైన్‌లో ఖరీదైన మెగ్నీషియం తెప్పించుకునేవాళ్లు ఉంటే, వాళ్లు సరిగ్గా తలకిందులుగా చేస్తున్నట్టు.

పుట్టింటికి వెళ్లేటప్పుడు చీరలతో పాటు తల్లీబిడ్డల కార్డు కూడా సర్దుకోండి. అయిదో నెలలో మీ బీపీ 104/66 అని అందులో రాసుంటే, కొత్త డాక్టర్‌కి ఇవాళ్టి 138/88 వేరేలా కనిపిస్తుంది. ఆ కార్డు లేకపోతే అది ‘ఇంకా 140 దాటలేదు’ అయిపోతుంది.

కాన్పు తర్వాత బీపీ వెంటనే దిగిపోదు. మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య మళ్లీ పెరగడం మామూలే, సరిగ్గా ఇంటికి పంపేసే రోజులవి. కొందరికి మొదటి ఫిట్ ఇంటికొచ్చాకే వస్తుంది, అరుదుగా కొన్ని వారాల తర్వాత కూడా. బాలింతకి తలనొప్పి అంటే నిద్రలేక వచ్చిందనో, చలిగాలి తగిలిందనో అమృతాంజనం రాసి పడుకోబెట్టేస్తాం. ఆ ఆరు వారాల్లో తగ్గని తలనొప్పి, చూపు మసక, పక్కటెముకల కింద నొప్పి వస్తే, అర్ధరాత్రయినా సరే, ముందు బీపీ చూపించాలి. ఫిట్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టి, నోట్లో చెంచాలూ తాళాలూ ఏవీ పెట్టకుండా 108కి ఫోన్ చేయండి. వాళ్లతో కాన్పై ఎన్ని రోజులైందో తప్పకుండా చెప్పండి. ఆ ఒక్క మాట వింటే అక్కడి డాక్టర్ మూర్ఛ మందుల బదులు ముందు మ్యాగ్‌సల్ఫ్ గురించి ఆలోచిస్తారు.